నలుగురు వస్తేనే క్లాసు

ఇంట్లో వంట క్లాసు పెట్టాలనుకునేవాళ్లలో చాలామంది సీటు ధర దగ్గరికి వచ్చేసరికి ఒకటే పని చేస్తారు. తలకు సరుకులు ఎంతవుతాయో లెక్కేసి, దాన్ని మూడింతలు చేసి, ఆ అంకెను వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తారు. ఇది హోటళ్ల లెక్క. ప్లేటు ధరలో సుమారు మూడో వంతు సరుకులకు పోవచ్చన్నది ఆ రంగంలో ఎప్పటి నుంచో ఉన్న అంచనా. మిగిలిన రెండు వంతుల్లో వంటవాళ్ల జీతాలు, అద్దె, కరెంటు, లాభం అన్నీ సర్దుకుంటాయి. ఎందుకంటే ఆ వంటగదిలోంచి రోజూ లెక్కలేనన్ని ప్లేట్లు బయటికి వెళ్తుంటాయి. మీ హాల్లో ఆదివారం పొద్దున కూర్చునేది మహా అయితే ఎనిమిది మంది. ఆ లెక్కను ఇక్కడికి తెచ్చిపెడితే, సీట్లన్నీ నిండినా మీ కష్టానికి కూలి గిట్టదు.

సీటు ధర, ఎంతమందిని కూర్చోబెట్టగలం, కనీసం ఎంతమంది వస్తే క్లాసు జరపాలి అనేవి మూడు వేర్వేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి. ఒకదాన్ని కదిపితే మిగతా రెండూ కదులుతాయి. అందుకే ఒక క్లాసును తీసుకుని మొదటి నుంచి చివరిదాకా లెక్క కడదాం. హైదరాబాదులో మూడు గదుల ఫ్లాటు, ఆదివారం ఉదయం పది నుంచి ఒంటిగంటన్నర దాకా క్లాసు అనుకుందాం. నేర్పేది గుత్తి వంకాయ కూర, చింతపండు పులిహోర, బొబ్బట్లు. చివర్లో అందరూ కలిసి భోంచేస్తారు, తాము ఒత్తిన బొబ్బట్లను డబ్బాలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్తారు. నేను వేసిన ధరలు లెక్క తేలిగ్గా అర్థం కావడానికి గుండ్రంగా వేసుకున్నవి. మీ ఊరి కిరాణా బిల్లు ముందు పెట్టుకుని వాటి చోట మీ ధరలు వేసుకోండి.

ముందు తలకు అయ్యే ఖర్చు. బొబ్బట్లతో మొదలుపెడదాం, నెయ్యి దానిలోనే ఉంది కాబట్టి. ఒక్కొక్కరు ఆరు బొబ్బట్లు చేస్తారనుకుంటే వంద గ్రాముల శనగపప్పు, వంద గ్రాముల బెల్లం, వంద గ్రాముల మైదా కావాలి. పిండి నానడానికి ముప్ఫై మిల్లీలీటర్ల నూనె, కాల్చడానికి యాభై గ్రాముల నెయ్యి, కాసిని ఏలకులు. కిలో నెయ్యి ఏడొందలనుకుంటే నెయ్యి ఒక్కటే 35 రూపాయలు, మిగతావన్నీ కలిపి 33. మొత్తం 68. గుత్తి వంకాయకు మనిషికి పావుకిలో లేత వంకాయలు, అందులోకి కూరడానికి పల్లీలు, నువ్వులు, ధనియాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఉల్లిపాయ, చింతపండు. ఆ కూరకు నూనె కాస్త ధారాళంగానే పడాలి. ఇది 45 దాకా వస్తుంది. పులిహోరకు 125 గ్రాముల బియ్యం, పాతిక గ్రాముల చింతపండు, నూనె, పోపు దినుసులు, ఇంగువ కలిపి 28. మూడు వంటలకూ 141 రూపాయలు.

ఇక్కడితో ఆగిపోయేవాళ్లు చాలామంది. కానీ భోజనంలోకి విడిగా అన్నం, పెరుగు, విస్తరాకు, మంచినీళ్లు, రాగానే ఇచ్చే టీ ఉన్నాయి. వాటికి 35 వేసుకోండి. బొబ్బట్ల డబ్బాకు 15, వంటల కొలతలు రాసిచ్చే కాగితానికి 4. ఇక పాడయ్యే సరుకుకు ఒక పద్నాలుగు రూపాయలు, అంటే సరుకుల్లో పదో వంతు. దీన్ని తీసేయకండి. నేర్చుకునేవాళ్ల చేతిలో సరుకు పోవడం మామూలే, పోవాలి కూడా. పప్పు మరీ మెత్తగా ఉడికి నీళ్లు సరిగా వంచకపోతే బెల్లం కలిపాక పూర్ణం జారుగా తయారవుతుంది. దాన్ని పొయ్యి మీద మళ్లీ దగ్గరికి తేవాలి, గరిట నిలబడేదాకా. ఓపిక పట్టకుండా అలాగే పిండిలో పెట్టి అరిటాకు మీద ఒత్తితే అంచు చిరిగి పూర్ణం బయటికి వస్తుంది. పెనం మీద ఆ బెల్లం మాడి అతుక్కుంటుంది. పెనం కడిగి మళ్లీ వేడి చేసేదాకా తర్వాతి మనిషి నిలబడే ఉంటుంది. ఆమెకు రెండో అవకాశం ఇవ్వడానికి గిన్నెలో పూర్ణం మిగిలి ఉండాలి. ఆ పద్నాలుగు రూపాయలు అందుకే. అన్నీ కలిపితే 209, లెక్క సులువు కోసం 210 అనుకుందాం.

ఇప్పుడు హోటలు లెక్క వేస్తే 630 వస్తుంది. చూడటానికి బాగానే ఉంది. తలకు 420 రూపాయలు మిగులుతున్నట్టు అనిపిస్తుంది. ఎంతమంది వచ్చినా మారని ఖర్చులు ఇంకా లెక్కలోకే రాలేదు.

ఆదివారం ఒక్కరు వచ్చినా, ఎనిమిది మంది వచ్చినా సాయానికి ఒక మనిషి కావాలి. కూరగాయలు కడగడం, గిన్నెలు అందించడం, మధ్యమధ్యలో పెనాలు తోమడం మీరే పెట్టుకుంటే నేర్పేది ఎవరు? పూటకు ఆమెకు 600. మార్కెట్‌కు వెళ్లొచ్చే ఆటో 200. గ్యాసు, కరెంటు కలిపి 200. ముందు మీరు చేసి చూపించే వంటకు సరుకులు 200. నలుగురికీ తెలిసేలా చేయడానికి, పోస్టరుకు, ప్రచారానికి 250. శుభ్రం చేసే సామాను, టిష్యూలు 100. గిన్నెలు, పొయ్యిల అరుగుదల 200. మొత్తం 1,750.

గ్యాసు గురించి ఒక మాట చెప్పాలి. ఇంటికి వచ్చే 14.2 కిలోల సిలిండరు ఇంటి వంటకు ఇచ్చేది. డబ్బు తీసుకుని నడిపే పనికి దాన్ని వాడటం నిబంధనలకు విరుద్ధం. కాబట్టి 19 కిలోల కమర్షియల్ సిలిండరు ధరతో లెక్క వేసుకోవాలి, లేదా ఇండక్షన్ పొయ్యిలకు మారాలి. ఇంట్లో ఉన్నదే కదా అని గ్యాసును సున్నాగా రాసుకుంటే ధర మొదట్లోనే తప్పు పడుతుంది, తర్వాత దాన్ని పెంచడం కష్టం.

ఇక అందరూ వదిలేసే ఖర్చు మీ సొంత సమయం. క్లాసు మూడున్నర గంటలే కావచ్చు. సరుకులు తేవడానికి రెండు గంటలు, ముందు రోజు సర్దుళ్లకు రెండు, ఆ తర్వాత ఇల్లు మామూలు స్థితికి రావడానికి గంటన్నర, ఫోన్లకు, మెసేజీలకు జవాబులివ్వడానికి కనీసం ఒక గంట. కలిపితే పది గంటలు. గంటకు 250 చొప్పున కట్టుకుంటే 2,500. ఈ కూలి మీకు మీరు ఇచ్చుకునేది కాబట్టి కాగితం మీద కనిపించదు, అలా కనిపించకపోవడం వల్లే నాలుగైదు క్లాసులు నడిచాక ఉత్సాహం ఎందుకు చల్లారిపోయిందో అర్థం కాకుండా మానేసేవాళ్లు ఉంటారు. మీ కూలిని ఖర్చుల్లోనే రాయండి. లాభంలోంచి చూసుకుందాం అనుకోవద్దు.

అంటే క్లాసు తలుపు తెరిస్తే చాలు 4,250 రూపాయలు ఖర్చయినట్టే. ఆపైన వచ్చిన ప్రతి మనిషికీ 210. ఎనిమిది మంది నిండితే మొత్తం 5,930, తలకు 741. ఆరుగురైతే తలకు 918. నలుగురే అయితే 1,272. 630కి అమ్ముకుంటే నిండిన క్లాసులో కూడా 890 రూపాయలు మీ కూలిలోంచి కరిగిపోతాయని ఇప్పుడు తెలుస్తోంది కదా. ఆరుగురే వచ్చారా, చేతి ఖర్చులు పోగా పది గంటల పనికి మీకు మిగిలేది 770. అదే పూట సాయానికి వచ్చిన ఆమె సగం సమయంలో 600 తీసుకెళ్తుంది.

ఈ అంకెల్లో ఇంకో సంగతి గమనించండి. ఆరుగురి క్లాసులో తలకు పడే 918లో సరుకుల వాటా 210. మిగతా ఏడొందల పైచిలుకు మారని ఖర్చు. అందుకే నెయ్యి తగ్గించి, నువ్వులు తగ్గించి ధర తగ్గించాలని చూడటం వృథా. బొబ్బట్టుకు నెయ్యి యాభై గ్రాముల నుంచి ముప్ఫైకి తగ్గిస్తే మిగిలేది 14 రూపాయలు. ఎండిపోయిన బొబ్బట్లు డబ్బాలో పెట్టుకుని వెళ్లిన మనిషి మళ్లీ రాదు, ఇంకొకరికి చెప్పదు. ఇంటి క్లాసులో సరుకుల దగ్గర చేయి బిగించడం అంత తెలివితక్కువ పని లేదని నా గట్టి నమ్మకం. పొదుపు చేయాల్సింది ఖాళీ సీట్ల దగ్గర.

వంట మార్చినప్పుడు కూడా ఇదే గుర్తుంచుకోవాలి. పులిహోర తీసేసి రొయ్యల వేపుడు పెట్టారనుకుందాం. తలకు సరుకులు 210 నుంచి 400 అయ్యాయి. అప్పుడు సీటు ధర ఆ పెరిగిన 190, దానితోపాటు పాడయ్యే సరుకుకు మరికొంత పెరిగితే చాలు. మూడింతల లెక్కతో వెళ్తే ధర దాదాపు ఆరువందలు పెరుగుతుంది, వచ్చేవాళ్లు బెదిరిపోతారు. మీ పది గంటలు రొయ్యలకైనా, వంకాయలకైనా అవే పది గంటలు.

ఎంతమందిని కూర్చోబెట్టాలి? కుర్చీలు లెక్కపెట్టి చెప్పేది కాదు ఇది. ముందు పొయ్యిలు చూడాలి. ఇద్దరికి ఒక పొయ్యి అనుకుంటే పని సాగుతుంది, ఒకరు కలుపుతుంటే ఇంకొకరు పోపు సిద్ధం చేస్తారు. ముగ్గురికి ఒక పొయ్యి అయితే మూడో మనిషి ఫోన్‌లో ఫొటోలు తీస్తూ నిలబడుతుంది. అంటే ఎనిమిది మందికి నాలుగు పొయ్యిలు. రెండు గ్యాసు మీద, రెండు ఇండక్షన్ మీద అనుకుందాం. ఇండక్షన్ పొయ్యి ఒక్కొక్కటి పూర్తి వేడి మీద రెండు వేల వాట్లు లాగుతుంది. పదహారు ఆంపియర్ల సాకెట్టు మోయగలిగేది సుమారు 3,700 వాట్లు. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తే సరిగ్గా పోపు వేసే వేళకు ఎంసీబీ పడిపోతుంది. అవి వేర్వేరు లైన్ల మీద ఉండాలి. ఇంటి మొత్తం లోడు ఎంతకు మంజూరైందో కరెంటు బిల్లు మీదే ఉంటుంది, ఏసీ ఆపి మరీ చూసుకోవాలి.

పొయ్యిల తర్వాత అసలు హద్దు మీ కళ్లు. పులిహోర కలపడం అందరికీ ఒకసారి చూపిస్తే సరిపోతుంది. బొబ్బట్టు ఒత్తడం అలా కాదు. ప్రతి మనిషి పక్కనా నిలబడి, వేళ్లు మధ్యలోంచి అంచుకు ఎలా జరుగుతున్నాయో చూసి, ఎక్కడ బరువు ఎక్కువ పడుతోందో చెప్పాలి. మనిషికి మూడు నిమిషాలనుకున్నా ఎనిమిది మందికి ఇరవైనాలుగు నిమిషాలు. పన్నెండు మందైతే ముప్పావు గంటకు దగ్గరపడుతుంది. ఆఖరి మనిషి దగ్గరికి మీరు వెళ్లేసరికి ఆమె నాలుగు తప్పుగా ఒత్తేసి ఉంటుంది. డబ్బిచ్చి వచ్చింది వీడియోలో దొరకని ఆ మూడు నిమిషాల కోసమే. కాబట్టి వంటల్లో ఏది చేతిపనో దాన్ని బట్టి మనుషుల సంఖ్య తేల్చుకోవాలి. కారప్పొడులు, పచ్చళ్ల లాంటి క్లాసుకు పన్నెండు మందినైనా తీసుకోవచ్చు. బొబ్బట్లకు, పూతరేకులకు మాత్రం తగ్గాల్సిందే.

మరి ఎనిమిది నిండాక తొమ్మిదో మనిషి అడిగితే? ఈ ప్రశ్నకు జవాబు సీటు ధర తేలాకే దొరుకుతుంది. మనం ధర 1,200 పెట్టామనుకోండి. తొమ్మిదో మనిషి వస్తే ఐదో పొయ్యి కావాలి, దానికి పెనం, బాణలి కావాలి, సాయానికి రెండో మనిషి కావాలి. ఇవన్నీ కలిపి 900 అదనం. ఆమె సరుకులు 210. ఆమె ఇచ్చే 1,200లోంచి 1,110 పోతే మిగిలేది 90 రూపాయలు. ఆ తొంభై కోసం మిగతా ఎనిమిది మంది సమయంలోంచి ముక్క కోసి ఇవ్వాలి. పదో మనిషి కూడా ఖాయంగా ఉంటేనే ఆలోచించాలి, లేదంటే వచ్చే వారానికి పేరు రాసుకోవడమే మంచిది. ఖర్చు నున్నగా పెరగదు, మెట్లు మెట్లుగా ఎగురుతుంది. మీ ఇంట్లో ఆ మెట్టు ఎక్కడుందో తెలుసుకుని దానికి ఒక్క అంగుళం ముందు ఆగిపోవాలి.

ఆ 1,200 ఎక్కడి నుంచి వచ్చింది? ధర కట్టేటప్పుడు ఎనిమిది మంది వస్తారని లెక్క వేసుకోవడం ప్రమాదం. అన్ని సీట్లూ నిండే ఆదివారాలు అరుదు. మామూలుగా ఆరుగురు వస్తారనుకుని, ఆరుగురి లెక్కన తలకు పడే 918 మీద కొంత మిగులు వేసుకుంటే 1,200 దగ్గర తేలుతుంది. ఆ మిగులులోంచే ముందు ముందు కొత్త పొయ్యి కొనాలి, సరిగా నిండని వారాలను దాటాలి.

ఇప్పుడు కనీస సంఖ్య. దీనికి పెద్ద గణితం అక్కర్లేదు. సీటు ధరలోంచి ఆ మనిషి సరుకులు తీసేయండి. 1,200లోంచి 210 పోతే 990. ప్రతి మనిషీ మారని ఖర్చును మోయడానికి ఇచ్చే చేయి అది. 4,250ని 990తో భాగిస్తే నాలుగుకు కాస్త పైన వస్తుంది. అంటే ఐదుగురు వస్తే మీ కూలితో సహా అంతా గిట్టుతుంది. మీ కూలి పక్కన పెట్టి చేతి నుంచి పోయే 1,750నే చూస్తే ఇద్దరు వచ్చినా చాలు. ఈ రెండు అంకెల మధ్యే మీరు నిర్ణయం తీసుకోవాలి.

ఇద్దరితో జరిపితే జేబులోంచి ఏమీ పోదు, అయితే పది గంటలు దాదాపు ఉచితంగా పనిచేసినట్టు. ముగ్గురితో జరిపితే చేతికి 1,220 మిగులుతుంది, గంటకు 122. సాయానికి వచ్చిన ఆమె గంట కూలి కూడా అంతే. నలుగురితో జరిపితే 2,210, గంటకు 221. కట్టుకున్న 250కి కొంచెం తక్కువైనా గౌరవంగా ఉంది. పైగా ఆ నలుగురూ బాగా నేర్చుకుని వెళ్తారు, ఇంకో నలుగురికి చెబుతారు. అందుకే ఈ క్లాసుకు నేనైతే కనీస సంఖ్య నాలుగు అని పెడతాను. ఐదు అని పట్టుబడితే తరచూ రద్దు చేయాల్సి వస్తుంది. రెండు సార్లు రద్దు చేస్తే మూడోసారి డబ్బు కట్టడానికి జనం వెనకాడతారు. ఈ మాట మాత్రం పోస్టరు మీదే ఉండాలి: నలుగురు పేర్లు నమోదైతేనే క్లాసు జరుగుతుంది, లేకపోతే గురువారం సాయంత్రం మొత్తం డబ్బు వెనక్కి ఇస్తాం.

ధర తగ్గించి జనాన్ని ఎక్కువ రప్పిద్దాం అనిపించడం సహజం. తక్కువైతే సీట్లు నిండుతాయి కదా అంటారు ఇంట్లోవాళ్లు కూడా. 800కి తగ్గించి చూడండి. సరుకులు పోగా ఒక్కొక్కరు మోసేది 590. 4,250ని దానితో భాగిస్తే ఏడు దాటుతుంది, అంటే ఎనిమిది మంది కావాలి. మీ హాలు పట్టేదే ఎనిమిది. ధర మూడో వంతు తగ్గేసరికి, ఐదుగురితో గిట్టే క్లాసు ఒక్క సీటు ఖాళీ ఉన్నా గిట్టని క్లాసు అయిపోయింది. వర్షం పడినా, ఎవరికో జ్వరం వచ్చినా మీ కూలిలో కోత. అందుకే ధర తగ్గించే ముందు ఒకే ఒక్క భాగహారం చేయండి. వచ్చిన అంకె మీ గదికి పట్టే సంఖ్యకు మరీ దగ్గరగా ఉంటే ఆ ధర పనికిరాదు.

తగ్గింపు ఇవ్వాలనే ఉంటే ముందుగా కట్టినవాళ్లకు ఇవ్వండి. క్లాసుకు వారం ముందు కడితే 1,100, తర్వాత 1,200. 1,100కి అమ్మినా గిట్టుబాటు సంఖ్య ఐదు దాటదు. ఆ వంద రూపాయలకు బదులుగా ఎంతమంది వస్తారో మీకు ముందే తెలుస్తుంది, ఆ సమాచారానికి విలువ ఉంది. శనివారం సాయంత్రం మిగిలిన రెండు సీట్లను ఆరొందలకు ఇచ్చేస్తే లెక్క ప్రకారం లాభమే, సరుకులు పోగా 390 చేతికి వస్తుంది. కానీ పూర్తి ధర కట్టిన ఐదుగురు భోజనాల దగ్గర ఆ మాట వింటారు. తర్వాత ఎవరూ ముందుగా కట్టరు.

గురువారం అని ఎందుకన్నానంటే, శుక్రవారం నుంచి డబ్బు ఖర్చవడం మొదలవుతుంది. పప్పులు, బెల్లం, నెయ్యి, డబ్బాలు శుక్రవారం కొంటారు. వంకాయలు మాత్రం ముందే కొంటే ముచ్చికలు వాడిపోయి తొక్క మెత్తబడుతుంది, శనివారం సాయంత్రం రైతుబజారుకు వెళ్లాలి. బొబ్బట్ల పై పిండి నూనెలో గంటల తరబడి నానాలి, ఆదివారం తెల్లవారగానే కలపాలి. కాబట్టి క్లాసు జరుగుతుందా లేదా అన్నది మొదటి రూపాయి ఖర్చవక ముందే తేలిపోవాలి. గురువారం సాయంత్రం దాకా మానుకున్నవాళ్లకు పూర్తి డబ్బు వెనక్కి ఇవ్వండి. ఆ తర్వాత డబ్బు వెనక్కి ఉండదు, వాళ్ల బదులు చెల్లెలినో, స్నేహితురాలినో పంపుకోవచ్చు. ఈ షరతు కఠినంగా అనిపిస్తుంది గానీ, డబ్బు కట్టకుండా వస్తానని మాట ఇచ్చిన మనిషిని లెక్కలో వేసుకోవడం కన్నా ఇదే అందరికీ మేలు. నాలుగు అన్నది డబ్బు కట్టిన నలుగురు. వస్తామన్న నలుగురు కాదు.

అయినా ఇబ్బందులు వస్తాయి. గురువారానికి ఐదుగురు కట్టారు, మీరు సరుకులన్నీ తెచ్చారు. శనివారం రాత్రి ఒకే ఇంటివాళ్లు ఇద్దరు ఫోన్ చేసి, ఇంట్లో పెద్దాయనను ఆసుపత్రిలో చేర్చామన్నారు. షరతు ప్రకారం డబ్బు ఇవ్వక్కర్లేదు. ఇలాంటప్పుడు ఇచ్చేయడమే మనిషితనం అని నేను అనుకుంటాను. ఇప్పుడు మిగిలింది ముగ్గురు, కనీస సంఖ్య కన్నా తక్కువ. రద్దు చేయాలా?

ఇక్కడ గురువారం లెక్క పనికిరాదు. ఇప్పటికే అయిపోయిన ఖర్చు క్లాసు జరిగినా, జరగకపోయినా తిరిగి రాదు. ఇకమీద ఎంత ఖర్చవుతుంది, ఎంత వస్తుంది అన్నదే చూడాలి. సాయానికి వచ్చే ఆమె 600, గ్యాసు, కరెంటు 200, శుభ్రానికి 100, ముగ్గురికి పెరుగు, విస్తళ్ల లాంటివి మరో వంద. అంటే వెయ్యి. ముగ్గురు కట్టింది 3,600. జరిపితే ఆదివారం చేతికి 2,600 వస్తుంది. రద్దు చేస్తే ఆ 3,600 తిరిగి ఇచ్చేయాలి, వంకాయలు ఇంట్లో మిగిలిపోతాయి. జరపడమే సరైనది, అనుమానమే లేదు. కనీస సంఖ్య అనేది గురువారం తలుపు దగ్గర అడిగే ప్రశ్న. శనివారం రాత్రికి దాని పని అయిపోయింది. మిగిలిన పప్పు, బెల్లం, నెయ్యి వచ్చే క్లాసు లెక్కలో జమ వేసుకోండి, లేకపోతే ఒకే సరుకుకు రెండుసార్లు ఖర్చు రాసినట్టవుతుంది.

పన్నుల సంగతి క్లుప్తంగా. సేవలు అందించేవాళ్లకు మన రెండు రాష్ట్రాల్లోనూ ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషను. వారానికొక క్లాసు, ప్రతిసారీ ఎనిమిది మంది అనుకున్నా ఏడాదికి ఐదు లక్షల దగ్గరే ఉంటారు. ఆదాయపు పన్నుకు మాత్రం ఇది ఆదాయమే కాబట్టి ప్రతి క్లాసుకూ వచ్చింది, ఖర్చయింది ఒక పుస్తకంలో రాసి బిల్లులు దాచుకోవాలి. క్లాసుకు రానివాళ్లకు కూడా బొబ్బట్లో, పచ్చడి సీసాలో అమ్మడం మొదలుపెడితే అది ఆహార వ్యాపారం. దానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషను ఉండాలి.

కొన్నాళ్లు నడిచాక వేరే రకం ఫోన్లు రావడం మొదలవుతుంది. మా అపార్ట్‌మెంటులో ఆడవాళ్లం కలిసి వస్తాం, మాకోసం విడిగా ఒక రోజు పెడతారా అంటారు. మొదట పదిమంది అంటారు, ఆ రోజుకు నలుగురు మిగులుతారు. వీళ్లకు సీటు ధర చెప్పకండి, మొత్తం ధర చెప్పండి. ఆరు సీట్లకు 7,200, ఎంత తక్కువ మంది వచ్చినా అదే. ఏడో మనిషికి, ఎనిమిదో మనిషికి మరో 1,200 చొప్పున, ఎనిమిది దాటితే రెండో రోజు. ముందు సగం కడితేనే తేదీ ఖాయం. ఎవరు వస్తారు, ఎవరు మానుకుంటారు అన్న తలనొప్పి వాళ్లలో వాళ్లే తేల్చుకుంటారు, మీరు ఆరుగురికి సరిపడా సరుకులు తెచ్చుకుని ఎదురుచూడొచ్చు.